బొమ్మల పుస్తకంలో అక్షరాలు బొమ్మలో కలిసిపోతున్నాయా? సమస్య - పరిష్కారం

ఎదురెదురుగా ఉండే రెండు పేజీలకూ కలిపి ఒకే బొమ్మ వేసిన స్ప్రెడ్‌ను తీసుకుందాం. పేజీ 220 మి.మీ. చదరం, అంటే స్ప్రెడ్ వెడల్పు 440 మి.మీ. ఎడమ పేజీలో గుబురు చెట్టు, కొమ్మ మీద ఉడుత. కుడి పేజీలో పైన ఆకాశం, కింద గడ్డి, ఆ గడ్డిలో నిలబడి ఉడుత వైపు చూస్తున్న అబ్బాయి. కథ ఎడమ నుంచే మొదలవుతుంది కదా అని ఐదు లైన్ల మాటలు తీసుకెళ్లి ఎడమ పేజీ పైభాగంలో, ఆకుల మీద పెట్టారు.

సమస్య: స్క్రీన్ మీద చదవగలుగుతున్నాం, అచ్చులో అక్షరాలు ఆకుల్లో కలిసిపోయాయి

కారణం రంగు అనుకుని చాలామంది అక్షరాల రంగు మారుస్తూ కూర్చుంటారు. నలుపు తీసి తెలుపు, తెలుపు తీసి పసుపు. ఏదీ కుదరదు. ఎందుకంటే అసలు చిక్కు వెలుగునీడలది. ఎండ పడిన ఆకు మీద నల్లక్షరం బాగానే కనిపిస్తుంది, పక్కనే ఆకుల సందులోని చీకట్లో అదే అక్షరం మాయమవుతుంది. తెల్లక్షరానికి ఇది సరిగ్గా తిరగబడుతుంది. పైగా ఆకు ఇంచుమించు అక్షరమంతే ఉంటే కంటికి రెండింటినీ విడదీయడం కష్టం. పెద్ద కొండ మీద అక్షరం నిలుస్తుంది కానీ చిన్న ఆకుల మీద నిలవదు.

తెలుగులో ముందుగా దెబ్బతినేవి వత్తులు. అవి అసలు అక్షరం కన్నా చిన్నగా, సన్నగా ఉంటాయి. ఆకుల మీద ‘పిల్ల’ కాస్తా ‘పిల’ అవుతుంది, ‘కుక్క’ ‘కుక’ అవుతుంది. పెద్దవాళ్లు వాక్యం బట్టి సరిచేసుకుని చదివేస్తారు, అందుకే ప్రూఫ్ చూసేవాళ్లకు ఇది దొరకదు. కూడబలుక్కుని చదివే పిల్లలు మాత్రం అక్కడే ఆగిపోతారు.

నిర్ధారించుకోవడం తేలిక. బొమ్మ కాపీ ఒకటి గ్రేస్కేల్‌లోకి మార్చి, మాటలు పెట్టాలనుకున్న చోట ఐడ్రాపర్‌తో ఆరేడు చోట్ల నలుపు శాతం చూడండి. మన ఆకుల మీద ఒకచోట 15, మరోచోట 75 వస్తుంది. అదే కుడి పేజీ ఆకాశంలో 8 నుంచి 18 లోపే ఉంటుంది. మోటుగా లెక్క ఇలా పెట్టుకోవచ్చు: అన్నీ 30 లోపు ఉంటే నల్లక్షరం, అన్నీ 70 దాటితే తెల్లక్షరం. మధ్యలో ఉన్నా, అతి తక్కువకీ అతి ఎక్కువకీ తేడా 20 దాటినా అక్కడ మాటలు పెట్టొద్దు.

పరిష్కారం: ముందు మాటల్ని జరపండి, బొమ్మ జోలికి తర్వాత వెళ్లండి. ఇక్కడ కుడి పేజీ ఆకాశం ఖాళీగానే ఉంది. అయితే ఖాళీగా ఉందని ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు. అబ్బాయి కళ్ల నుంచి ఉడుత దాకా ఒక గీత ఊహించుకోండి. పాఠకుడి చూపు నడిచేది ఆ దారినే, మాటలు దానికి అడ్డం పడితే బొమ్మ రెండు ముక్కలవుతుంది. కాబట్టి ఆ గీతకు పైన, కుడి మూలకు దగ్గరగా, పేజీ అంచుల నుంచి 15 మి.మీ. లోపలికి పెట్టాలి. ఇప్పుడు చూపు ముందు ఉడుతను చూసి, మాటలు చదివి, అబ్బాయి దగ్గర ఆగుతుంది. మాటల్లో మొదట వచ్చేది ఉడుతే అయితే ఈ వరస చక్కగా కుదురుతుంది. మొదట అబ్బాయే వస్తే వాక్యాల వరస మార్చగలరేమో రచయితను అడగడం మేలు.

సమస్య: ఖాళీ వదిలారు, అయినా కింది లైన్లు గడ్డిలోకి దిగిపోతున్నాయి

ఇంగ్లిష్ అక్షరాల కొలతతో ఖాళీ వదిలితే ఇలాగే జరుగుతుంది. తెలుగులో పై లైన్ వత్తులు కిందికి దిగుతాయి, కింది లైన్ గుడులు పైకి లేస్తాయి. రెండూ గుద్దుకోకుండా ఉండాలంటే 20 పాయింట్ల అక్షరానికి లైన్ల మధ్య దూరం 32 పాయింట్ల దాకా కావాలి. ఐదు లైన్లకు 160 పాయింట్లు, అంటే సుమారు 56 మి.మీ. ఎత్తు. ఇంగ్లిష్‌లో 26 పాయింట్ల దూరం సరిపోతుంది కాబట్టి అవే ఐదు లైన్లు 46 మి.మీ.లో ఇమిడిపోతాయి. ఆ సెంటీమీటరే గడ్డిలోకి దిగేది. అక్షరాలు తగ్గించో లైన్లు దగ్గరకు నొక్కో సర్దకండి. పెన్సిల్ స్కెచ్ దశలోనే అసలు ఫాంట్‌లో, అసలు సైజులో మాటలు పేర్చి, ఆ పెట్టె కొలత చిత్రకారులకు ఇచ్చేస్తే ఈ గొడవే ఉండదు.

సమస్య: జరపడానికి చోటే లేదు, బొమ్మంతా నిండుగా ఉంది

ఇక్కడ చాలామంది అక్షరాల చుట్టూ తెల్ల అంచు గీసేస్తారు. తెలుగు అక్షరాల్లోని చిన్న సున్నాలు, వత్తుల మధ్య సందులు ఆ అంచుతో పూడుకుపోతాయి, చూడటానికి స్టిక్కర్ అంటించినట్టు ఉంటుంది. తెల్ల డబ్బా అంతకన్నా నయమే కానీ, అన్ని పేజీల్లోనూ అదే పద్ధతి ఉంటేనే బాగుంటుంది.

బొమ్మనే ఆ మేర నెమ్మదింపజేయడం మంచిది. బొమ్మకు పైన, మాటలకు కింద కొత్త లేయర్ తీసుకుని, ఆ చోట బొమ్మలోనే ఉన్న లేత రంగును ఐడ్రాపర్‌తో ఎంచుకుని, మెత్తటి బ్రష్‌తో 30–40 శాతం గాఢతతో పూయండి. పూత మాటల పెట్టెకు నాలుగు వైపులా కనీసం ఒక లైన్ ఎత్తు మేర బయటికి రావాలి, అంచు 10 మి.మీ. వెడల్పున క్రమంగా కరిగిపోవాలి. గీత గీసినట్టు ఆగితే పొగమంచు ముక్క అతికించినట్టుంటుంది. తర్వాత మళ్లీ నలుపు శాతాలు చూడండి. తేడా ఇంకా 20 దాటుతుంటే పూత పెంచకండి. ఆ చోట ఆకులనో గడ్డిపరకలనో తీసేసి ఇవ్వమని చిత్రకారుల్నే అడగండి. ఇలా దిద్దే పని వాళ్లకు చెప్పకుండా చేయడం మర్యాద కాదు, బొమ్మ వాళ్లది.

సమస్య: కొన్ని అక్షరాలు మధ్య మడతలో మునిగాయి

ఫైల్‌లో స్ప్రెడ్ చదునుగా కనిపిస్తుంది, పుస్తకంలో మధ్య భాగం లోపలికి వంగుతుంది. పిన్ను కొట్టిన పుస్తకం బాగా తెరుచుకుంటుంది కాబట్టి మడత నుంచి 12 మి.మీ. వదిలితే చాలు. జిగురు బైండింగ్‌కు 20 వదలండి. ఒకే లైన్‌ను రెండు పేజీల మీదుగా నడిపించడం ఎలాగూ వద్దు.

సమస్య: ముదురు రాత్రి ఆకాశం మీద తెల్లక్షరాలు సన్నబడ్డాయి, అంచులు రంగులు కక్కుతున్నాయి

ముదురు నీలం మూడు నాలుగు సిరాలతో అచ్చవుతుంది. వాటిలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం లోపలి తెలుపును తినేస్తుంది. కాస్త లావు ఫాంట్ తీసుకుని, సైజు రెండు పాయింట్లు పెంచండి. లేత ఆకాశం మీది నల్లక్షరాలకు కూడా ఇలాంటి జాగ్రత్తే కావాలి. అవి నలుపు సిరా ఒక్కదానితోనే, 100 శాతంతో ఉండాలి, నాలుగు సిరాలు కలిపిన నలుపుతో కాదు. అక్షరాల కింద బొమ్మలో ఖాళీ వదలకుండా దాని మీదే ఓవర్‌ప్రింట్ అయ్యేలా పెడితే చుట్టూ తెల్ల గీత కనబడదు.

అచ్చుకు పంపేముందు అసలు సైజులో రెండు కాగితాలు ప్రింట్ తీసి, మధ్యలో అతికించి మడవండి. బెడ్‌ల్యాంప్ వెలుగులో, చేయి చాచినంత దూరంలో పెట్టి, ఆ కథ తెలియని వాళ్ల చేత చదివించండి. చదివేవాళ్లు తడబడిన మాటలకు కింద గీత గీసుకుని, అవి పడిన చోట మాత్రమే మళ్లీ శాతాలు చూస్తే సరిపోతుంది.