అపార్ట్‌మెంట్ ఆవరణలో బ్యాడ్మింటన్ కోర్టు గీయడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ వెనక 17 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉన్న సిమెంటు నేల ఉంది. డబుల్స్ కోర్టుకు కావాల్సింది 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు. అంటే మాకు చుట్టూ కొంత చోటు మిగిలింది. గీత వెనక కనీసం ఒకటిన్నర మీటరైనా ఖాళీ లేకపోతే, షటిల్ కోసం వెనక్కి పరుగెత్తే పిల్లలు గోడకు గుద్దుకుంటారు. అలాంటి చోట కోర్టు గీయకండి.

మేం మొదట కాంపౌండ్ గోడలనే ఆధారంగా తీసుకుని సుద్దతో గీశాం. నాలుగు వైపులా కొలిస్తే సరిగ్గానే ఉంది. అప్పుడే అటుగా వచ్చిన అనంతపురం మేస్త్రీ చూసి, "సార్, ఈ గోడ మూలమట్టంలో లేదు. ఓసారి మూల నుంచి మూలకి టేపు పట్టండి" అన్నాడు. పట్టి చూస్తే ఒక కర్ణం 14.82 మీటర్లు, రెండోది 14.63 వచ్చాయి. నిజానికి రెండూ 14.723 ఉండాలి. భుజాల కొలతలు సరిపోయినా కోర్టు పక్కకు వాలిపోయి ఉంది.

అలా వచ్చినప్పుడు మొత్తం చెరపక్కర్లేదు. ఒక పొడుగు గీతను కదపకుండా ఉంచి, ఎదుటి పొడుగు గీత రెండు చివరలనూ ఆ గీత వెంటే, పెద్ద కర్ణం తగ్గే వైపుకు జరపాలి. ఎంత జరపాలంటే, రెండు కర్ణాల తేడాలో సగం కంటే కొంచెం ఎక్కువ. మాకు తేడా 19 సెంటీమీటర్లు, పదిన్నర జరిపితే సరిపోయింది.

ఈ తిప్పలు రాకుండా మొదటి నుంచే ఇలా చేయండి. నైలాన్ దారం బిగించి పట్టి, నేల మీద 13.40 మీటర్ల గీత గీయండి. దాని చివరలను అ, ఆ అనుకుందాం. ఇద్దరు రెండు టేపులు పట్టుకోవాలి. అ నుంచి 6.10, ఆ నుంచి 14.723 మీటర్లు లాగితే రెండు టేపులూ కలిసే చోటే మూడో మూల. నాలుగో మూలకూ అంతే, ఈసారి ఆ నుంచి 6.10, అ నుంచి 14.723. చివర్లో కొత్త మూలల మధ్య 13.40 వస్తే లెక్క కుదిరినట్టే. టేపు వదులుగా వేలాడితే సెంటీమీటర్లు తప్పుతాయి, అందుకే నేలకు ఆనించి లాగాలి.

ఇక గీతల మందం దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. గీత 4 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, అది కోర్టులో భాగమే. గీత మీద పడ్డ షటిల్ లోపల పడ్డట్టే. కాబట్టి 13.40, 6.10 అనేవి బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలతలు, మందమంతా లోపలికే రావాలి.

లోపలి గీతలకు టేపు చివరను ఒకే చోట పెట్టి, ఎత్తకుండా అన్ని గుర్తులూ పెట్టండి. విడివిడిగా కొలుస్తూ పోతే చిన్న తప్పులన్నీ కలిసి పెద్దవవుతాయి. అడ్డంగా, ఒక పక్క గీత బయటి అంచు నుంచి 0.46, 3.03, 5.60, 6.06 మీటర్ల దగ్గర ఒక్కో గీత మొదలై, అక్కణ్నుంచి అదే వైపుకు 4 సెంటీమీటర్లు ఉంటుంది. పొడవులో నెట్ నుంచి, రెండు వైపులకూ 1.98, 5.90, 6.66 దగ్గర గీతలు మొదలవుతాయి. 1.98 అనేది షార్ట్ సర్వీస్ గీతకు నెట్ వైపు అంచు. గీతను దానికి అటూ ఇటూ పంచితే సర్వీస్ చోటు మారిపోతుంది. నడిమి గీతను ఇక్కణ్నుంచి వెనక గీత దాకానే గీయాలి. నెట్ కింద గీత ఉండదు.

రంగు వేసే ముందు రాత్రి ఒక ప్లాస్టిక్ షీటును అంచులన్నీ మూసి నేలకు అతికించండి. తెల్లారేసరికి కింద తడి కనిపిస్తే, నేల ఇంకా ఆరలేదు, రంగు పొరలుగా లేచిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం వానల టెన్షన్ ఉంటుంది, జనవరి, ఫిబ్రవరి మేలు. సరిగ్గా 4 సెంటీమీటర్ల వెడల్పున్న చెక్కముక్కను కొలతగా పెట్టుకుని గీతకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించండి. రంగు పూర్తిగా గట్టిపడకముందే టేపు తీస్తే అంచులు చిరగవు. మెరిసే ఎనామెల్ వద్దు, తడిస్తే కాలు జారుతుంది.

స్తంభాలు 1.55 మీటర్ల ఎత్తు ఉండాలి. సింగిల్స్ ఆడినా అవి డబుల్స్ పక్క గీతల మీదే నిలవాలి, వాటి దిమ్మెలు కోర్టు లోపలికి రాకూడదు. నెట్ కట్టాక మధ్యలో పై అంచు ఎత్తు కొలవండి. నేల నుంచి 1.524 మీటర్లు వచ్చేదాకా తాడు బిగించండి.