ఇంటర్ అకౌంట్స్‌లో ఖర్చు క్యాపిటలా రెవెన్యూనా బిట్స్: టిక్ పెట్టేముందు ఇవి చూస్కోండి

- ముందు "ఎప్పుడు" అన్నది చూడండి, రిపేర్ అనగానే రెవెన్యూ అని టిక్ పెట్టేస్తే మార్కు పోయినట్టే. సెకండ్ హ్యాండ్ మెషిన్ 50,000కి కొని, వాడకముందే రిపేర్‌కి 8,000, బిగించడానికి కూలీ 2,000 పెడితే మొత్తం 60,000 క్యాపిటలే, ఏడాది వాడాక అదే 8,000 పెడితే రెవెన్యూ.

- లాయర్ ఫీజు దేనికో చదవండి: స్థలం కొనడానికైతే క్యాపిటల్, బాకీ వసూలుకైతే రెవెన్యూ.

- అమౌంట్ పెద్దదని డిఫర్డ్ రెవెన్యూ అనుకోవద్దు, ఆ ఖర్చు ఎన్నేళ్లు పనికొస్తుందో చూడాలి. కొత్త సరుకు యాడ్స్‌కి 3 లక్షలు, 3 ఏళ్లు పనికొస్తే ఏటా లక్ష లాభనష్టాల ఖాతాకి, మొదటి ఏడాది చివర మిగిలిన 2 లక్షలు ఆస్తుల వైపు (అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 26 ప్రకారం యాడ్స్ ఖర్చు మొత్తం పెట్టిన ఏడాదే రాసేయాలి, కానీ ఇంటర్ బిట్స్‌లో ఆన్సర్ డిఫర్డే).

- అగ్నిప్రమాదంలో పోయిన సరుకు రెవెన్యూ నష్టం.