ఇస్త్రీ పెట్టె మరమ్మతును వీడియోల్లో నేర్చుకుని వారాంతపు ఆదాయంగా మలచుకోవడం ఎలా?

మరమ్మతు వీడియోలు చూసి పని నేర్చుకోవాలనుకునేవారు ఒకరోజు ఫోను స్క్రీను, మరునాడు ఫ్యాను, ఆ తర్వాత మైక్రోవేవ్ చూస్తూ పోతే నెలలు గడిచినా ఏ పనీ చేతికి రాదు. ఒకే వస్తువును ఎంచుకుని దాని లోపాలన్నీ తెలుసుకోవడం మంచిది. అందుకు ఆవిరి లేని సాధారణ ఇస్త్రీ పెట్టె చాలా అనువైనది. దానిలో కరెంటు వెళ్లే దారి ఒక్కటే: ప్లగ్, వైరు, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజ్, పెట్టెను వేడెక్కించే ఎలిమెంట్, తిరిగి వైరు. ఇవన్నీ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి వాటిలో ఏది తెగినా పెట్టె వేడెక్కదు. మైక్రోవేవ్ జోలికి మాత్రం వెళ్లవద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు.

మొదట వీడియోను చూసే పద్ధతి మార్చుకోవాలి. చాలా వీడియోల్లో మెకానిక్ పెట్టెను విప్పి, నేరుగా చెడిపోయిన భాగం దగ్గరకే వెళ్లి దాన్ని మార్చేస్తాడు. లోపం అక్కడే ఉందని ఎలా తేలిందో మాత్రం చూపించడు, మనం నేర్చుకోవలసింది అదే. అందుకే లక్షణం చెప్పగానే వీడియోను ఆపి, ఏ రెండు బిందువుల మధ్య కొలిస్తే ఏ విలువ రావాలో కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత ముందుకు వెళ్లాలి. ఒకే లోపం మీద వేర్వేరు మెకానిక్‌లు చేసిన వీడియోలు చూస్తే ఎవరు కొలిచి చెబుతున్నారో, ఎవరు ఊహించి చెబుతున్నారో తెలిసిపోతుంది. థర్మల్ ఫ్యూజ్‌ను తీసేసి రెండు కొసలనూ నేరుగా కలిపేయమని చెప్పే వీడియో కనిపిస్తే అక్కడితో ఆపేయండి. థర్మోస్టాట్ పనిచేయనప్పుడు మంట పుట్టకుండా అడ్డుకునే చివరి భాగం ఆ ఫ్యూజే.

పనిముట్లుగా స్క్రూడ్రైవర్లు, ఒక మల్టీమీటర్, వైరు కొసలను లోహపు గొట్టంలో నొక్కి బిగించే క్రింపింగ్ పనిముట్టు చాలు. పరీక్షించే సాకెట్‌కు, కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ రక్షణ తప్పనిసరి. సాధన కోసం పాత సామాన్ల వాళ్ల దగ్గర దొరికే పాడైన పెట్టెలను విప్పి, ప్రతి దశలోనూ ఫోటో తీసుకుంటూ తిరిగి బిగించండి. చాలా పెట్టెల్లో మొదటి స్క్రూ వెనుక మూత కింద దాగి ఉంటుంది. బలవంతంగా తెరిస్తే ప్లాస్టిక్ కొక్కేలు విరుగుతాయి.

ఇప్పుడు ఒక కేసును మొదటి నుంచి చివరి వరకు చూద్దాం. 230 వోల్టుల సరఫరాతో పనిచేసే 1000 వాట్ల పెట్టె అసలు వేడెక్కడం లేదు. కొలవడానికి ముందే ఎంత రావాలో లెక్క కట్టాలి. వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్లతో భాగిస్తే ఎలిమెంట్ నిరోధం వస్తుంది: 230 × 230 ÷ 1000, అంటే దాదాపు 53 ఓంలు. ప్లగ్‌ను సాకెట్ నుంచి తీసి, నాబ్‌ను చివరి వరకు తిప్పి, ప్లగ్ ఫేజ్, న్యూట్రల్ పిన్నుల మధ్య మీటర్‌ను ఓంలు కొలిచేలా పెట్టండి. సుమారు 53 ఓంలు వస్తే లోపల అంతా కలిసే ఉన్నట్టు. అలాంటప్పుడు లోపం సాకెట్‌లోనో, కదిలినప్పుడు మాత్రమే తెగే వైరులోనో ఉండవచ్చు. మీటర్‌ను అలాగే ఉంచి, వైరు పెట్టెలోకి ప్రవేశించే చోట దాన్ని అటూ ఇటూ వంచితే, లోపం వైరులోనే ఉంటే అంకె ఎగిరెగిరి పడుతుంది. వైరు తరచూ తెగేది అక్కడే.

ఈ పెట్టెలో అంకె ఏమీ రాలేదు, అంటే దారి ఎక్కడో తెగింది. విప్పి చూస్తే వైరు రెండు దారులూ బాగున్నాయి. ఎలిమెంట్ కొసల మధ్య 53 ఓంలు వచ్చాయి. థర్మోస్టాట్ కాంటాక్టులు కలిసి ఉన్నాయి. థర్మల్ ఫ్యూజ్ దగ్గర మాత్రం మీటర్ స్పందించలేదు. కొత్తగా నేర్చుకున్నవారు ఇక్కడే ఫ్యూజ్ మార్చి పెట్టెను తిరిగి ఇచ్చేస్తారు, కొద్ది రోజులకే అది మళ్లీ వస్తుంది. ఫ్యూజ్ ఊరికే పోదు కాబట్టి, ఎందుకు పోయిందో తేల్చుకోవాలి. నాబ్‌ను ఆఫ్ వైపు పూర్తిగా తిప్పి థర్మోస్టాట్‌ను మళ్లీ కొలిస్తే, విడిపోవలసిన కాంటాక్టులు ఇంకా కలిసే ఉన్నాయి. దగ్గరగా చూస్తే రెండు చిన్న బొడిపెలూ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. దాంతో వేడి ఆగకుండా పెరిగి ఫ్యూజ్ తెగింది. రెండూ మార్చవలసిందే. స్క్రూడ్రైవర్ మొనతో కాంటాక్టులను విడదీసి సరిపెడితే అవి మళ్లీ అతుక్కుంటాయి.

కొత్త ఫ్యూజ్ మీద ముద్రించిన ఉష్ణోగ్రత, ఆంపియర్లు పాతదానితో సమానంగా ఉండాలి. దాన్ని సోల్డరింగ్‌తో అతికించకూడదు. ఆ వేడికే అది తెగిపోతుంది, ఒకవేళ తెగకపోయినా ఇస్త్రీ వేడికి అతుకు నిలవదు. లోహపు గొట్టంతో క్రింప్ చేసి, వేడిని తట్టుకునే ఫైబర్‌గ్లాస్ తొడుగు వేయాలి.

బిగించిన తర్వాత చేసే పరీక్షలే డబ్బు తీసుకునే అర్హతనిస్తాయి. ఎర్త్ పిన్నుకూ కింది లోహపు పలకకూ మధ్య నిరోధం 1 ఓం లోపే ఉండాలి. ఫేజ్, న్యూట్రల్ పిన్నులను కలిపి, వాటికీ లోహపు పలకకూ మధ్య కరెంటు లీకవకుండా అడ్డుకునే ఇన్సులేషన్‌ను 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టర్‌తో కొలిస్తే 1 మెగాఓం కంటే ఎక్కువ రావాలి. మల్టీమీటర్ చాలా తక్కువ వోల్టేజీతో కొలుస్తుంది కాబట్టి ఈ పరీక్షకు పనికిరాదు. సొంతంగా టెస్టర్ కొనే వరకు, అది ఉన్న మెకానిక్ దగ్గర పరీక్ష చేయించి ఇవ్వడం మేలు. చివరగా పెట్టెను అరగంట ఆన్‌లో ఉంచి, థర్మోస్టాట్ టక్కుమని ఆగి, చల్లారాక మళ్లీ కలుస్తోందో లేదో గమనించాలి. అదొక్కసారి జరిగితే చాలదు, నాలుగైదుసార్లు జరగాలి.

ఆదాయం విషయానికి వస్తే, వారాంతంలో పని చేసేవారికి భాగాల కోసం తిరగడమే పెద్ద నష్టం. వైర్లు, ఫ్యూజులు, ఎక్కువగా కనిపించే రకాల థర్మోస్టాట్‌లు ముందే కొని పెట్టుకుంటే శనివారం తీసుకున్నది ఆదివారం ఇవ్వవచ్చు. పరీక్షకు ఒక చిన్న రుసుము పెట్టి, మరమ్మతుకు ఒప్పుకుంటే దాన్ని కూలిలో తగ్గించండి. లేకపోతే పెట్టెను విప్పి లోపం కనిపెట్టిన గంట ఉచితమైపోతుంది. భాగం ధర, కూలి విడివిడిగా రాసివ్వండి. మొత్తం కలిపి కొత్త పెట్టె ధరలో సగం దాటేలా ఉంటే పని మొదలుపెట్టక ముందే చెప్పాలి. లోహపు పలకలో పోత పోసిన ఎలిమెంట్ తెగితే ఆ పలక మొత్తం మార్చాలి కాబట్టి, చాలాసార్లు కొత్తది కొనుక్కోమనడమే న్యాయం. వారంటీలో ఉన్నవాటిని తెరవకుండానే తిప్పి పంపండి. రుసుము తీసుకుని విద్యుత్ పరికరాలు బాగుచేయడానికి మీరు ఉండే చోట అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి.

ప్రతి పెట్టెకూ పుస్తకంలో ఒక వరుస కేటాయించి తేదీ, లక్షణం, కొలతలు, మార్చిన భాగం, దాని ఖర్చు, పట్టిన సమయం రాయండి. ఏ భాగం ఎక్కువగా కొనిపెట్టుకోవాలో, మీ గంటకు నిజంగా ఎంత మిగులుతోందో ఆ పుస్తకం నుంచే తెలుస్తుంది. బాగుచేసిన పెట్టె అదే లోపంతో తిరిగొస్తే కూలి తీసుకోకుండా చూసి, ఆ వరుస పక్కనే కారణం రాసుకోండి. తిరిగొచ్చేవి అరుదయ్యాకే నీళ్లు కాచే కెటిల్‌ను చేపట్టవచ్చు. అందులోనూ ఎలిమెంట్, వేడి పెరిగితే ఆపే భాగాలు ఉంటాయి, కొలిచే తీరు కూడా ఇదే. కాకపోతే నీరు కారే చోట్లు కూడా అదనంగా పరీక్షించాలి.