ఎండలో మ్యాచ్‌కి ముందు ఓసారి తూకం చూసుకోండి

మే నెలలో వైజాగ్ గ్రౌండులో మధ్యాహ్నం ఆడేవాళ్లకి ఎండతో కన్నా ఉక్కపోతతోనే పేచీ. సముద్రపు గాలి తగులుతుంటే బాగానే ఉన్నట్టనిపిస్తుంది. కానీ ఆ గాలి నిండా తేమే, చెమట ఆరనివ్వదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఊరికే కారిపోతే నీళ్లూ ఉప్పూ పోవడమే మిగులుతుంది.

మా టీములో ఓ పేస్ బౌలర్ కుర్రాడున్నాడు. రెండో స్పెల్‌కి వచ్చేసరికి పిక్క పట్టేసి కూలబడిపోయేవాడు. "అన్నా, నీళ్లు తాగుతూనే ఉన్నాను కదా" అనేవాడు. నిజమే, తాగేవాడు. కానీ టోపీ తీస్తే అంచు చుట్టూ తెల్లటి ఉప్పు చార. కొందరి చెమటలో ఉప్పు ఎక్కువ పోతుంది, వాళ్లకి ఉత్త నీళ్లు చాలవు.

ఓ ఆదివారం వాణ్ణి మ్యాచ్‌కి ముందు, తర్వాత ఒకే మిషన్ మీద, తడి బట్టలు విప్పించి తూచాం. ముందు 68.4 కిలోలు, రెండున్నర గంటల తర్వాత 66.9. మధ్యలో తాగింది లీటరున్నర. అంటే తగ్గిన కిలోన్నర, తాగిన లీటరున్నర కలిపి దాదాపు మూడు లీటర్ల చెమట. అదంతా మళ్లీ తాగక్కర్లేదు. ఒంటి బరువులో రెండు శాతం మించి తగ్గకుండా చూసుకుంటే చాలు. వాడికైతే మ్యాచ్ మొత్తమ్మీద రెండు లీటర్లు తాగితే సరిపోతుంది. అయిదు ఓవర్లకోసారి, అంటే ఇరవై నిమిషాలకి ఒక గ్లాసు. అందులో సగం ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది. ఉప్పేసిన పల్చటి మజ్జిగైనా పర్లేదు. కొబ్బరి బోండంలో పొటాషియం ఎక్కువే గానీ చెమటలో పోయే సోడియం తక్కువ, దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. బీపీ, కిడ్నీ ఇబ్బందులున్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టర్నడగాలి.

మ్యాచ్ అయ్యాక బరువు తగ్గకపోగా పెరిగిందా? అతిగా తాగారన్నమాట. అప్పుడు రక్తంలో సోడియం పల్చబడి తలనొప్పి, వాంతులు వస్తాయి, ముదిరితే ప్రమాదమే. చాలామంది దీన్ని ఎండదెబ్బనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తారు.

పిక్క పట్టేస్తే గట్టిగా నలపకండి. కాలు చాపి, మునివేళ్లని మోకాలి వైపు లాగి అరనిమిషం అలాగే పట్టుకోండి. వదిలేశాక కూడా ఆ ఓవరు ఇంకొకరికివ్వడమే మంచిది. అలసిన కండరం మళ్లీ పట్టేస్తుంది, దానికి ఏ ఉప్పూ మందు కాదు. నెట్స్‌లో నాలుగు ఓవర్లేసేవాడి చేత ఎనిమిది వేయిస్తే వచ్చేది కూడా ఇదే.

ఎవరైనా తడబడుతూ నడుస్తూ, స్కోరడిగితే పొంతన లేని జవాబిస్తే మాత్రం అది పిక్కల సంగతి కాదు. నోట్లో నీళ్లు పోయకండి. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడుపుతూ గట్టిగా విసరండి. ఒకళ్లు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు తడపడం ఆపకూడదు.