ఐస్‌బ్రేకర్ స్పీచ్‌కి లేచే ముందు

నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో, కొత్త సభ్యులు తమ గురించి చెప్పుకునే ఈ మొదటి స్పీచ్‌కి 4 నుంచి 6 నిమిషాలు. 4 కాగానే పచ్చ లైటు, 5కి పసుపు, 6కి ఎరుపు. అవి ఎక్కడ కనబడతాయో టైమర్‌గా ఉన్న వ్యక్తిని ముందే అడిగి పెట్టుకోండి.

☐ మీ గురించి చెప్పడానికి ఎంచుకున్న మూడు కథల్నీ ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, నిలబడి, పైకి చదవండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది. పరిచయానికి అర నిమిషం, ఒక్కో కథకి నిమిషంబావు, ముగింపుకి అర నిమిషం అనుకుంటే 5 నిమిషాల లోపే అయిపోతుంది. మిగిలింది నవ్వులకీ, తడబాటుకీ.

☐ సాధారణంగా సమయం తినేసేది మొదటి కథే. సైకిల్ నేర్చుకున్న కథ అనుకోండి. సైకిల్ ఎవరు కొన్నారు, ఏ రంగు అంటూ మొదలుపెడితే నిమిషం అక్కడే పోతుంది. "అన్నయ్య వెనక సీటు వదిలేశాడని నాకు తెలీదు" అని నేరుగా అందుకోండి. పసుపు లైటు వచ్చేసరికి మూడో కథ సగానికి రాకపోతే దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేసి ముగింపుకి వెళ్లండి.

☐ చెబుతుంటే ఇంకా గొంతు పూడుకుపోయే కథ ఈసారికి వద్దు.

☐ స్పీచ్ మొత్తం కాదు, ఒక్కో కథ మొదటి వాక్యం మాత్రం చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. టెన్షన్‌లో చిన్న అక్షరాలు కనబడవు.

☐ మిమ్మల్ని పిలిచే వ్యక్తికి మీ పేరు ఎలా పలకాలో చెప్పారా?