3×3 గళ్ళనుడికట్టు: ‘పలి’ని వదిలించిన గుణింతం

■ వా గు
చా కి రి
పు లి ■

ఒక గడికి గుణింతంతో సహా ఒక అక్షరం. నల్లగడులు ఎదురెదురు మూలల్లో ఉన్నాయి కాబట్టి, కాగితాన్ని తలకిందులుగా తిప్పినా గడుల అమరిక మారదు. మిగిలిన ఏడు గడుల్లో ప్రతిదీ ఒక అడ్డం పదంలోనూ ఒక నిలువు పదంలోనూ ఉంటుంది. ఇంత బిగువు చిన్న నుడికట్టులో తేలిక.

మధ్య గడి ‘కి’ దగ్గర మొదలుపెట్టి, పొడవైన చాకిరి, వాకిలి ముందు కుదిర్చాను. పై మూలలో ‘గు’ తేలిగ్గా పడింది: అడ్డం వాగు, నిలువు గురి. చిక్కంతా కింది మూలలోనే. చా కింద ‘ప’ వేస్తే నిలువుగా చాప బాగుంది గానీ, అడ్డంగా ‘పలి’ అయింది. అది వాడుకలో లేదు. చావు అంటే ‘వులి’, చాటు అంటే ‘టులి’, రెండూ పనికిరావు. అందుకే ఎదురు నుంచి వెళ్ళాలి: ‘లి’తో ముగిసే బలి, గాలి, జాలి, పులి రాసుకుని, మొదటి అక్షరాన్ని చా కింద పెట్టి చూడాలి. పులి ఒక్కటే నిలిచింది, నిలువు చాపు. దానికి ఆధారం ‘చేయి ముందుకు సాచు’.

చివర్లో ఆరు పదాలనూ విడిగా రాసి, గడి చూడకుండా నిఘంటువులో సరిచూడాలి. గడిలో చూస్తే ‘గు’, ‘గూ’ తేడా కంటికి ఆనదు.