ఐదు చీటీలతో స్టాండర్డ్ ఎర్రర్, సెంట్రల్ లిమిట్ థియరమ్ అర్థం చేసుకోవడం ఎలా?

డబ్బాలోంచి ఒక్క చీటీ తీస్తే ఏ అంకె వస్తుందో చెప్పలేం. అదే డబ్బాలోంచి వంద సార్లు తీసి సగటు కడితే, ఆ సగటు ఎక్కడ పడుతుందో మాత్రం తీయకముందే కాగితం మీద రాసిపెట్టవచ్చు. ఎందుకలా? సూత్రం బట్టీ పట్టినవాళ్లకు కూడా ఇక్కడే చిక్కు. ఐదు చీటీలు, ఒక డబ్బా ఉంటే దీన్ని కూడికలతోనే తేల్చవచ్చు. తర్వాత భాగానికి ఎక్సెల్ లాంటి ఏదైనా స్ప్రెడ్‌షీట్ చాలు.

1. డబ్బా సిద్ధం చేయండి

ఒకే కొలత కాగితాలు ఐదు తీసుకుని నాలుగింటి మీద 0, ఒకదాని మీద 10 రాయండి. అన్నీ ఒకేలా మడవండి. తిరునాళ్లలో లక్కీ డిప్ లాంటిదే ఇది: ఐదింట ఒకటికి పది రూపాయలు, మిగతావాటికి సున్నా. కావాలనే ఇంత వంకరగా ఉన్న డబ్బా తీసుకున్నాం. 1 నుంచి 6 దాకా సమానంగా పరిచిన పాచికతో మొదలుపెడితే, సగటులు బుద్ధిగా ఉండడం పాచిక గొప్పతనమేనేమో అన్న అనుమానం మిగిలిపోతుంది.

ఈ డబ్బా సగటు 10ని 5తో భాగిస్తే 2. ఏ చీటీ మీదా 2 లేదు, అయినా సగటు అదే. ఇప్పుడు ఒక్కో చీటీ ఆ 2కి ఎంత దూరమో చూడండి. సున్నాలు నాలుగూ 2 దూరంలో, పది 8 దూరంలో ఉన్నాయి. దూరాల వర్గాలు నాలుగు 4లు, ఒక 64, మొత్తం 80. దాన్ని 5తో భాగిస్తే 16. ఇది వేరియన్స్. ఇంటర్ తెలుగు మాధ్యమం పుస్తకాల్లో దీన్నే విస్తృతి అంటారు. దీని వర్గమూలం 4, అదే స్టాండర్డ్ డీవియేషన్, అంటే క్రమ విచలనం. సగటు 2, డీవియేషన్ 4: చివరిదాకా ఈ రెండు అంకెలతోనే పని.

2. నాలుగు సార్లు తీసి సగటు కట్టండి

ఒక చీటీ తీసి, అంకె రాసుకుని, తిరిగి డబ్బాలో వేసి, కలిపి, మళ్లీ తీయండి. ఇలా నాలుగు సార్లు తీస్తే ఒక శాంపిల్. దాని సగటు రాసుకోండి. ఎన్ని శాంపిళ్లు తీసినా, వచ్చే సగటులు ఐదు రకాలకు మించవు: 0, 2.5, 5, 7.5, 10. బహుమతి ఎన్నిసార్లు తగిలిందన్నదే వాటి మధ్య తేడా.

ఇక అదృష్టాన్ని పక్కన పెట్టి లెక్కపెడదాం. తీసిన ప్రతిసారీ ఐదు అవకాశాలు, నాలుగు సార్లకు 5×5×5×5 = 625 దారులు. అన్నింటికీ సమాన అవకాశం. ఏ సగటుకు ఎన్ని దారులున్నాయో ఇదీ పట్టిక:

| బహుమతి తగిలినవి | సగటు | దారులు |
|---|---|---|
| 0 | 0 | 256 |
| 1 | 2.5 | 256 |
| 2 | 5 | 96 |
| 3 | 7.5 | 16 |
| 4 | 10 | 1 |

ఒకటే బహుమతి ఉన్న వరుసకు 256 ఎలా వచ్చింది? ఆ బహుమతి మొదటిసారో, రెండోసారో, మూడోసారో, నాలుగోసారో రావచ్చు, అంటే నాలుగు స్థానాలు. మిగతా మూడుసార్లలో ఒక్కోసారి నాలుగు సున్నాల్లో ఏదైనా రావచ్చు. 4×4×4×4 = 256. సగటు 10 రావాలంటే నాలుగుసార్లూ ఆ ఒక్క చీటీయే తగలాలి, దానికి ఒకే దారి. ఒక్క చీటీ తీసినప్పుడు 10కి ఉన్న అవకాశం ఐదింట ఒకటి. నాలుగు తీసి సగటు కట్టగానే అది 625లో ఒకటికి పడిపోయింది. సగటు కట్టడంలో కిటుకంతా ఇదే: కొసన ఉన్న సగటుకు అంకెలన్నీ ఒకవైపే మొగ్గాలి, మధ్యలో ఉన్నదానికి అవి ఏ వరుసలో కలిసినా ఫర్వాలేదు.

3. ఆ సగటుల చెదురును కొలవండి

ఇందాక చీటీలకు చేసిన లెక్కే ఇప్పుడు 625 సగటులకు చేయండి. ముందు వాటి సగటు: (2.5×256 + 5×96 + 7.5×16 + 10×1) ÷ 625 = 1250 ÷ 625 = 2. డబ్బా సగటు ఎంతో అంతే. తర్వాత 2 నుంచి దూరాల వర్గాలు: 4×256, 0.25×256, 9×96, 30.25×16, 64×1. అంటే 1024, 64, 864, 484, 64. మొత్తం 2500. దాన్ని 625తో భాగిస్తే 4, వర్గమూలం 2.

చీటీల చెదురు 4, నాలుగు చీటీల సగటుల చెదురు 2. ఈ రెండోదాని పేరే స్టాండర్డ్ ఎర్రర్. పేరులో ఎర్రర్ ఉంది కదా అని ఎవరో చేసిన తప్పు అనుకోకండి. శాంపిల్ సగటు అసలు సగటుకు మామూలుగా ఎంత దూరంలో పడుతుందో చెప్పే కొలత అది.

డీవియేషన్‌ను √nతో భాగించమనేది సూత్రం, n అంటే శాంపిల్‌లోని చీటీల సంఖ్య. ఇక్కడ అది 4 ÷ √4 = 2 అంటుంది. మనం దాన్ని వాడకుండానే అక్కడికి చేరాం. భాగించేది nతో కాకుండా √nతో ఎందుకంటే, ఒక చీటీకి ఇంకో చీటీతో సంబంధం లేనప్పుడు కూడుకునేవి వేరియన్స్‌లు, డీవియేషన్లు కాదు. n చీటీల మొత్తానికి వేరియన్స్ 16n, డీవియేషన్ 4√n. మొత్తాన్ని nతో భాగిస్తే సగటు వస్తుంది కాబట్టి డీవియేషన్‌నూ nతో భాగించాలి: 4√n ÷ n = 4 ÷ √n. ఎక్కువలూ తక్కువలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పూర్తిగా మాత్రం కాదు. అలా కొట్టివేత పోను మిగిలినదే √n. దీని ఖరీదు కూడా గమనించండి. స్టాండర్డ్ ఎర్రర్ సగం కావాలంటే చీటీలు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు తీయాలి.

4. శాంపిల్‌ను వందకు పెంచండి

పట్టికను మళ్లీ చూస్తే చెదురు తగ్గింది గానీ ఆకారం గంటలా లేదు, ఎడమ పక్క కుప్పగా పడి ఉంది. ఆకారం సంగతి చెప్పేది సెంట్రల్ లిమిట్ థియరమ్. దాన్ని చూడడానికి వంద చీటీల శాంపిళ్లు వెయ్యి కావాలి. చేత్తో అయ్యే పని కాదు కాబట్టి స్ప్రెడ్‌షీట్‌లో A1 గడిలో ఇది వేయండి:

```
=IF(RAND()<0.2,10,0)
```

దీన్ని A1 నుంచి CV1000 దాకా నింపండి. అడ్డంగా వంద గడులు, నిలువునా వెయ్యి వరుసలు. CW1లో `=AVERAGE(A1:CV1)` వేసి CW1000 దాకా లాగండి. ఆపైన వేరే గడుల్లో ఈ మూడూ చూడండి:

```
=AVERAGE(CW1:CW1000)
=STDEV(CW1:CW1000)
=COUNTIFS(CW1:CW1000,">1.15",CW1:CW1000,"<2.85")
```

మొదటిది 2 దగ్గర, రెండోది 0.4 దగ్గర వస్తాయి. 4 ÷ √100 = 0.4 కదా. రెండోది 0.38 నుంచి 0.42 దాకా అటూ ఇటూ ఊగితే కంగారుపడకండి, వెయ్యి శాంపిళ్లకు ఆ మాత్రం ఊగిసలాట మామూలే. CW నిలువు వరుసకు హిస్టోగ్రామ్ గీయండి. సున్నాలూ పదులూ తప్ప ఇంకేమీ లేని డబ్బాలోంచి, 2 దగ్గర ఎత్తుగా, రెండు పక్కలా జారుతూ గంట ఆకారం వస్తుంది. డబ్బా ఎంత వంకరగా ఉన్నా, దాని వేరియన్స్ అనంతం కాకుండా, చీటీలు ఒకదానికొకటి సంబంధం లేకుండా వస్తే, n పెరిగేకొద్దీ సగటుల ఆకారం నార్మల్ వక్రానికి దగ్గరవుతుంది. థియరమ్ చెప్పేది ఇంతే. రెండే ఫలితాలు, రెండింటికీ సమాన అవకాశం ఉన్న కేసును గణితవేత్త డిమోవర్ 1733లోనే చూపించాడు. ఆ గంట చీటీలది కాదు, సగటులది. A1:CV1000కు హిస్టోగ్రామ్ గీస్తే ఎప్పటికీ రెండు స్తంభాలే.

మూడో లెక్క 1.2 నుంచి 2.8 దాకా, అంటే రెండు స్టాండర్డ్ ఎర్రర్ల లోపల, ఎన్ని సగటులు పడ్డాయో చెబుతుంది. నార్మల్ వక్రంలో సగటుకు రెండు డీవియేషన్ల లోపల దాదాపు 95 శాతం పడతాయి కాబట్టి 950 వస్తాయనుకుంటారు, వచ్చేది 967 ప్రాంతంలో. సూత్రం తప్పి కాదు. ఇక్కడ సగటులు 0.1 చొప్పున మెట్లు మెట్లుగా కదులుతాయి. 1.3 నుంచి 2.7 దాకా లెక్కపెడితే 94 శాతం, ఒక్క మెట్టు బయటికి జరిగితే 97 శాతం. సరిగ్గా 95 దగ్గర మెట్టే లేదు. బయటపడ్డవాటిలోనూ డబ్బా వంకర కొంచెం మిగిలే ఉంటుంది: 2.8 దాటినవి వెయ్యికి 20 దాకా ఉంటే, 1.2 కన్నా తక్కువవి 13 దాకానే.

5. చేతిలో ఒక్క శాంపిలే ఉన్నప్పుడు

సర్వేలో వెయ్యి శాంపిళ్లు ఎవరూ తీయరు, డబ్బా విప్పి చూసే వీలూ ఉండదు. వంద తీస్తే 23 బహుమతులు తగిలాయనుకుందాం. సగటు 2.3. డీవియేషన్‌ను ఆ శాంపిల్‌లోంచే అంచనా కట్టాలి: 23 పదులు 7.7 దూరంలో, 77 సున్నాలు 2.3 దూరంలో ఉన్నాయి. వర్గాల మొత్తం 1771. దాన్ని 100తో కాకుండా 99తో భాగించాలి, ఎందుకంటే దూరాలు కొలిచింది అసలు సగటు నుంచి కాదు, ఆ శాంపిల్ తన సొంత సగటు నుంచి, అవి కాస్త తక్కువగానే వస్తాయి. 17.89కి వర్గమూలం 4.23. స్టాండర్డ్ ఎర్రర్ 4.23 ÷ 10 = 0.423. ఇందాక రెండు అన్న హద్దు నార్మల్ వక్రంలో 95 శాతానికి కచ్చితంగా 1.96, స్టాండర్డ్ ఎర్రర్‌కు 1.96 రెట్లు 0.83. కాబట్టి 95 శాతం అంతరం, అంటే ఇలా కట్టినవాటిలో నూటికి దాదాపు 95 సార్లు అసలు సగటును పట్టుకునే అంతరం, 1.47 నుంచి 3.13 దాకా. అసలు సగటు 2 అందులోనే ఉంది.

జవాబు పత్రాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు 4.23నీ 0.423నీ ఒకదాని చోట ఇంకొకటి రాయడం. మొదటిది చీటీల గుణం, ఎన్ని తీసినా 4 దగ్గరే ఉంటుంది. రెండోది మీ సగటు ఎంత నమ్మదగ్గదో చెబుతుంది, తీసేకొద్దీ తగ్గుతుంది.

ఎక్కడ బెడిసికొడుతుంది

చీటీ తిరిగి వేయడం మరిచిపోతే లెక్క మారిపోతుంది. ఐదింట్లో నాలుగు తీసి బయటే ఉంచితే సగటు 0 గానీ 2.5 గానీ అవుతుంది, స్టాండర్డ్ ఎర్రర్ 2 బదులు 1కి దిగుతుంది. చిన్న డబ్బాలోంచి పెద్ద వాటా తీసినప్పుడు 4 ÷ √n ను √((N−n)/(N−1)) తో గుణించాలి, N అంటే డబ్బాలోని మొత్తం చీటీలు. ఇక్కడ అది √(1/4), అంటే సగం. N లక్షల్లో, n వందల్లో ఉంటే ఈ గుణకం 1కి అతుక్కునే ఉంటుంది, వదిలేయవచ్చు.

"n 30 దాటితే చాలు" అన్న మాటను గుడ్డిగా నమ్మొద్దు. డబ్బాలో వెయ్యి చీటీలుండి ఒక్కదానికే బహుమతి ఉందనుకోండి. 30 తీస్తే 97 శాతం సార్లు అన్నీ సున్నాలే. శాంపిల్ డీవియేషన్ సున్నా, స్టాండర్డ్ ఎర్రర్ సున్నా, అంతరం 0 నుంచి 0 దాకా! మన ఐదు చీటీల డబ్బాలో కూడా నాలుగే తీస్తే 625లో 256 సార్లు ఇదే జరుగుతుంది. డబ్బా ఎంత వంకరగా ఉంటే n అంత పెద్దది కావాలి. స్టాండర్డ్ ఎర్రర్ అనుమానం వచ్చేంత చిన్నగా వచ్చిందంటే ముందు హిస్టోగ్రామ్ గీసి, అరుదైన పెద్ద విలువలు ఎన్ని దొరికాయో చూడండి.

అన్నింటికన్నా ఎక్కువ మోసం చేసేది చీటీల మధ్య సంబంధం. వంద చీటీలు తీసి ఒక్కో అంకెను నాలుగేసి సార్లు రాసుకుంటే చేతిలో 400 అంకెలుంటాయి. సూత్రం 4 ÷ √400 = 0.2 అని చెబుతుంది. సగటులు మాత్రం మునుపటిలాగే 0.4 మేర చెదురుతాయి. ఒకే రోగి రక్తపోటును నాలుగుసార్లు కొలిచి నలుగురిగా లెక్కేసినా, ఒకే ఇంట్లో నలుగురిని అడిగి నాలుగు ఇళ్లుగా రాసినా కొంత మేర ఇదే జరుగుతుంది. n అంటే షీట్‌లో ఎన్ని వరుసలున్నాయన్నది కాదు, చేయి డబ్బాలోకి విడివిడిగా ఎన్నిసార్లు వెళ్లిందన్నది.